అప్పడాల పిండి: సొంత మరలో ఆడించాలా, బయట కొనాలా?

ప్రశ్న: మాస్టారూ, బరంపురంలో మాది అప్పడాల తయారీ. నెలకు 3,000 కిలోల మినపపిండి వాడతాం, సొంత మరలో ఆడించుకుంటాం. ఆడిటర్ గారి లెక్కలో కిలో పిండికి మినపగుళ్లు తరుగుతో సహా 110, కరెంటు 1.50, జల్లెడలు, బెల్టులు, సంచులు 2.50, ఇద్దరి జీతాలు 8, షెడ్డు అద్దె 3, మర తరుగుదల 2, ఆఫీసు ఖర్చులో వాటా 5, మొత్తం 132 రూపాయలు. ఆంధ్రా వైపు మిల్లు ఒకటి గుమ్మం దాకా చేర్చి 127కే ఇస్తానంటోంది, ఏడాది ఒప్పందం కావాలట. నెలకు 15,000 మిగులుతుంది, మర ఆపేయమంటున్నారు ఆడిటర్ గారు. మర మీద 14,000 జీతానికి పనిచేసేది మా చిన్నాన్న కొడుకు. వాణ్ని పొమ్మనలేను, అప్పడాల ప్రెస్సులు బాగుచేసేదీ వాడే. 10,000 జీతం కుర్రాణ్ని పిండి కలిపే దగ్గరికి మార్చుకోవచ్చు, అక్కడ ఎలాగూ ఒక మనిషి కావాలి. మర రోజుకు నాలుగు గంటలే తిరుగుతుంది. షెడ్డు అగ్రిమెంటు ఇంకా ఏడు నెలలుంది. షెడ్డు ఖాళీ అయితే అందులో డ్రయ్యర్ పెట్టి, వానాకాలంలో వదులుకుంటున్న నెలకు 600 కిలోల అప్పడాల ఆర్డరు పట్టుకోవచ్చని నా ఆశ. ధరల కాగితం జత చేశాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మర ఆపకండి. ఆ ఒప్పందం మీద సంతకం కూడా పెట్టకండి. 127కి పిండి కొంటే మీకు నెలకు 15,000 మిగలదు సరికదా, 29,000 చేతి నుంచి పోతుంది. అదెలాగో నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్న ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తుంది. అప్పుడు లెక్క మీరే వేసుకోగలగాలి.

ఆడిటర్ గారి 132 తప్పుడు అంకె కాదు. ఏడాది చివర గోదాములో ఉన్న పిండికి విలువ కట్టాలన్నా, ఏ విభాగం ఎంత భారం మోస్తోందో చూసుకోవాలన్నా అలాంటి లెక్కే కావాలి. కానీ ఆ 132లో రెండు జాతుల డబ్బు కలిసిపోయి ఉంది. మర ఆగిన రోజున ఆగిపోయేది కొంత, మర ఆగినా మీరు కడుతూనే ఉండేది కొంత. కొనాలా, చేసుకోవాలా అన్న తీర్పులో మొదటి రకానికే చోటు. అందుకని ఒక్కో పద్దు దగ్గర ఆగి ఒకటే అడగండి: రేపు మర మూసేస్తే ఈ బిల్లు నా గుమ్మానికి రావడం మానేస్తుందా?

మినపగుళ్లు కొనక్కర్లేదు కాబట్టి 110 ఆగుతుంది. కరెంటు ఆగుతుంది, జల్లెడలు, బెల్టులు, సంచుల ఖర్చూ ఆగుతుంది. ఇవి కిలోకు 114. నెలకు 3,42,000.

జీతాల దగ్గర జాగ్రత్తగా నడవాలి. కాగితం మీద ఇద్దరి జీతం ఒకే పద్దుగా కనిపిస్తోంది గానీ, ఆ ఇద్దరి సంగతీ ఒకటి కాదు. మీ చిన్నాన్న కొడుకు మర ఉన్నా లేకపోయినా మీ దగ్గరే ఉంటాడు, 14,000 వెళ్తూనే ఉంటుంది. కాబట్టి ఆ డబ్బు ఈ లెక్కలోకి రాదు. కుర్రాడి సంగతి వేరు. అతన్ని మీరు తీసెయ్యడం లేదు, జీతం కూడా ఇస్తూనే ఉంటారు. అయినా అతను పిండి కలిపే చోటికి వెళ్తే అక్కడికి కొత్తగా పెట్టుకోవలసిన మనిషి జీతం తప్పుతుంది. ఆ కొత్త మనిషికి కూడా 10,000 అయ్యేదనుకుంటే, మర ఆపడం వల్ల 10,000 నిజంగా మిగిలినట్టే. జీతం ఎవరి పేరున రాసి ఉందని కాదు, మొత్తం మీద మీ సంచిలోంచి వెళ్లే డబ్బు తగ్గిందా లేదా అని చూడాలి.

షెడ్డు అద్దె 9,000 ఇంకా ఏడు నెలలు కట్టక తప్పదు, కాబట్టి ఇప్పటికి అది ఆగే ఖర్చు కాదు. మర తరుగుదల అసలు చేతి నుంచి వెళ్లే డబ్బే కాదు. ఎప్పుడో కొన్న మర ఖరీదును ఏడాదికింత చొప్పున పుస్తకంలో పంచుకోవడం, అంతే. ఆఫీసు వాటా 15,000 కూడా అంతే: మీ గుమస్తా, మీ ఫోను, మీ ఆడిటర్ గారి ఫీజు మర లేదని ఒక్క రూపాయి తగ్గవు. ఇన్నాళ్లూ పిండి మోసిన ఆ 15,000 మర ఆగాక అప్పడాల పద్దు మీదికి ఎక్కి కూర్చుంటుంది.

మొత్తం మీద మర ఆపితే నెలకు తప్పే ఖర్చు 3,52,000. బయట కొంటే పెట్టవలసింది 3,81,000. తేడా 29,000, కొనడం వల్ల నష్టం. ఆడిటర్ గారు 15,000 లాభం అన్నారు, నేను 29,000 నష్టం అంటున్నాను. మా ఇద్దరి మధ్య ఉన్న 44,000 ఎక్కడిదో చూడండి: చిన్నాన్న కొడుకు జీతం 14,000, అద్దె 9,000, తరుగుదల 6,000, ఆఫీసు వాటా 15,000. మర ఆగినా ఆగని నాలుగు పద్దులవి.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట పర్లాకిమిడి వైపు ఒక జీడిపప్పు కార్ఖానాకు లెక్కలు రాసేవాణ్ని. అక్కడ డబ్బాలు కట్టే విభాగం బయటి ధరకంటే ఖరీదని నేనే కాగితం వేసి ఇచ్చాను, మూసేశారు. తర్వాత ఏడాది డబ్బాల ఖర్చు తగ్గినట్టు పుస్తకంలో చక్కగా కనబడింది. బ్యాంకులో మాత్రం డబ్బు తగ్గింది. మేస్త్రీ జీతం, గది అద్దె, మేనేజరు వాటా పప్పు పద్దులోకి మారాయే తప్ప ఎక్కడికీ పోలేదు. ఆ విభాగంలో పనిచేసిన ఆడవాళ్లు మాత్రం పోయారు. వాళ్లను తిరిగి పిలవడానికి చాలా కాలం పట్టింది. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదు.

ఇక మీ ఆశ దగ్గరికి వద్దాం. షెడ్డు ఖాళీ అయితే అందులోంచి ఇంకో సంపాదన వస్తుందన్న ఆలోచన చాలా సరైనది. మర ఆ చోటును పట్టుకుని కూర్చున్నందువల్ల మీరు వదులుకుంటున్న ఆదాయం కూడా పిండి ఖర్చులో భాగమే. పుస్తకాల్లో అవకాశ వ్యయం అంటారు. ఆడిటర్ గారి కాగితంలో అది ఉండదు, ఎవరికీ బిల్లు కట్టరు కాబట్టి. అయితే దాని విలువ ఎంతో కట్టడంలో తేలిగ్గా పొరపడతాం.

మీ ధరల కాగితం ప్రకారం అప్పడం టోకు ధర కిలో 220. కిలో అప్పడానికి సుమారు 900 గ్రాముల పిండి పడుతోంది. మర ఆపి ఉంటారు కాబట్టి ఆ పిండిని 127 లెక్కనే కట్టాలి, 114 రూపాయలవుతుంది. ఉప్పు, పాపడ్‌ఖార్, ఇంగువ, నూనె 8. ఒత్తి ఆరబెట్టే ఆడవాళ్ల కూలి 30, ప్యాకింగు 10, డ్రయ్యర్‌కి పొయ్యి ఖర్చు 8. మొత్తం 170 పోను కిలోకు 50 మిగులుతుంది. నెలకు 600 కిలోల మీద 30,000. పిండి కొనడం వల్ల పోయే 29,000 ఇందులోంచి తీస్తే మిగిలేది 1,000. డ్రయ్యర్ ఖరీదు ఇంకా లెక్కలోకే రాలేదు.

పైగా ఆ ఆర్డరు రజ పండుగ నుంచి దసరా దాకా నాలుగు నెలలే. ఎండలున్న ఎనిమిది నెలలూ డ్రయ్యర్ ఊరికే ఉంటుంది, కొన్న పిండి మాత్రం పన్నెండు నెలలూ నెలకు 29,000 తింటూనే ఉంటుంది. ఏడాదికి 3,48,000 పోయి 1,20,000 వస్తుంది. మిల్లువాళ్లు ఏడాది ఒప్పందం అడిగినది అందుకేనని నేననను, వాళ్ల మరకు వాళ్లకు పని కావాలి. కానీ నాలుగు నెలల అవసరానికి పన్నెండు నెలల మాట ఇవ్వడం మీకు తగదు.

ఇక్కడే అసలైన దారి ఉంది. డ్రయ్యర్‌కి కావలసింది ఒక చోటు. ఈ షెడ్డే కావాలని ఏమీ లేదు. మీ వీధిలోనో పక్క వీధిలోనో అలాంటి షెడ్డు 9,000కి దొరికితే, మీ షెడ్డు ఖాళీ చేయడం వల్ల వచ్చే విలువ కూడా ఆ 9,000 చుట్టుపక్కలే. 30,000 కాదు. చోటు కొరతగా ఉన్నప్పుడే, అంటే ఎంత అద్దె ఇచ్చినా ఇంకోటి దొరకనప్పుడే, ఆ చోట జరిగే వ్యాపారం లాభమంతా దాని విలువ అవుతుంది. బజారులో దొరికే వస్తువుకు అవకాశ వ్యయం బజారు ధరను దాటదు.

అలా చేస్తే మర ఆగదు, 29,000 నష్టం ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది. 600 కిలోల అప్పడాలకు కావలసిన 540 కిలోల అదనపు పిండి మీ మరలోనే తయారవుతుంది. ఇప్పుడు రోజుకు 120 కిలోలు నాలుగు గంటల్లో ఆడుతున్నారు. ఇంకో 22 కిలోలకు ముప్పావుగంట కంటే ఎక్కువ పట్టదు. ఖాళీగా ఉన్న మరకు, ఎలాగూ జీతం తీసుకుంటున్న మనిషికి ఆ ముప్పావుగంటకు మీరు కొత్తగా పెట్టేది ఏమీ లేదు. కాబట్టి ఆ పిండి ఖరీదు 132 కాదు, 127 కాదు, 114. దాంతో కిలో అప్పడం మీద మిగిలేది 50 నుంచి 61కి పెరుగుతుంది. నెలకు దాదాపు 37,000. నాలుగు నెలలకే అడుగుతున్నారని రెండో షెడ్డు యజమాని 12,000 చెప్పినా 25,000 నిలుస్తుంది. కాదు, పదకొండు నెలల అగ్రిమెంటు రాయాల్సిందే అంటే 99,000 అవుతుంది. అదంతా ఈ నాలుగు నెలల మీదే వేసినా మొత్తం మీద 48,000 మిగులుతుంది. డ్రయ్యర్ కొనాలా వద్దా అన్నది ఈ అంకె చూసి తేల్చుకోవాలి. మర ఆపడంతో దానికి సంబంధమే లేదు. ట్రేలు ఎక్కించి దించడానికి మీ చిన్నాన్న కొడుకు మధ్యాహ్నాలు ఖాళీయే కదా.

ఆ ఖాళీ గంటల గురించి ఒక్కమాట. మీ మరకు ఇప్పుడు వేరే గిరాకీ లేదు కాబట్టే మీ పిండి వల్ల మీరు వదులుకునేది ఏమీ లేదు. రేపు చుట్టుపక్కల అప్పడాల వాళ్లు, ఇడ్లీ బండ్ల వాళ్లు వచ్చి కిలోకు 8 కూలి ఇచ్చి ఆడించుకుంటామంటే, అది మొదట ఖాళీ గంటల్లోకే వెళ్తుంది, కాబట్టి అదంతా అదనపు రాబడే. మర ఎనిమిది గంటలూ నిండిపోయాక కథ మారుతుంది. అప్పుడు మీ ఒక్క కిలో ఆడాలంటే బయటివాళ్ల ఒక్క కిలో వదులుకోవాలి. వాళ్ల 8లో మీకు ఖర్చు 4 పోను పోయే 4 మీ పిండి మీద పడుతుంది, 114 కాస్తా 118 అవుతుంది. కుర్రాడి జీతం కలిపినా 122 దాటదు. అప్పటికీ 127 ఖరీదే.

ఏడు నెలల తర్వాత సంగతి వేరు, ఎందుకంటే ఇవాళ ఆగని ఖర్చు రేపు ఆగవచ్చు. ఇప్పటి లెక్కలో మీరు కొనదగ్గ ధర 3,52,000ను 3,000తో భాగిస్తే వచ్చే 117. అంతకంటే తక్కువకు ఇస్తేనే కొనాలి. అగ్రిమెంటు ముగిసే నెలలో అద్దె కూడా ఆగే ఖర్చవుతుంది, కొనదగ్గ ధర 120కి చేరుతుంది. మీ చిన్నాన్న కొడుకు తనంతట తాను వేరే పని చూసుకుంటే 125. మర పూర్తిగా అరిగిపోయి కొత్తది కొనాల్సిన రోజు వస్తే అప్పుడు తరుగుదల కాదు గానీ, కొత్త మర ఖరీదు లెక్కలోకి వస్తుంది. 3,00,000 పెట్టి అయిదేళ్లు వాడతామంటే నెలకు 5,000, అంటే 126.67. వడ్డీ కూడా కలుపుకుంటే అప్పుడు 127తో పోటీ నిజంగా సమానమవుతుంది. మీరు మళ్లీ కూర్చుని ఆలోచించవలసిన రోజులు ఇవే, ఆడిటర్ గారు కాగితం ఇచ్చిన ప్రతి నెలా కాదు.

ఒక పొరపాటు మాత్రం రానివ్వకండి. అగ్రిమెంటు ముగిశాక షెడ్డు వదిలేస్తే అద్దె మిగులుతుంది, ఉంచుకుంటే డ్రయ్యర్ పెట్టుకోవచ్చు. ఈ రెండింటినీ ఒకే కాగితంలో లాభంగా రాయడం నేను చాలాసార్లు చూశాను. వదిలేసిన షెడ్డులో డ్రయ్యర్ ఉండదు కదమ్మా.

మీ వాడకం తగ్గినా తీర్పు తిరగబడుతుంది. సొంత పిండికి, కొన్న పిండికి కిలోకు తేడా 13. అద్దె, ఇద్దరి జీతాలు అన్నీ ఆగగలిగే పరిస్థితి వచ్చిందనుకోండి, అవి నెలకు 33,000. ఆ 33,000ను ఈ 13 మోయాలంటే నెలకు సుమారు 2,540 కిలోలు ఆడాలి. మీరు 3,000 దగ్గర ఉన్నారు, అంటే మరీ దూరంలో లేరు. ఒక పెద్ద కొనుగోలుదారుడు జారిపోయి మూడు నాలుగు నెలల పాటు వాడకం 2,500 దిగువన నిలిస్తే, అగ్రిమెంటు రెన్యువల్ చేసేముందు మిల్లువాళ్లకు ఫోను చేయండి.

ఆ 127 గురించి కూడా మిల్లువాళ్లను ఒకటి అడగాలి. అది జీఎస్టీతో కలిపా, విడిగానా? అప్పడాల మీద జీఎస్టీ లేదు. అందువల్ల పిండి మీద కట్టిన పన్నును మీరు వెనక్కి తీసుకోలేరు, పన్ను పడితే అది పూర్తిగా మీ ఖర్చే. 127 మీద 5 శాతం పడిందంటే 133 దాటుతుంది, ఆడిటర్ గారి 132 కంటే కూడా ఎక్కువ.

పిండి గుణం సంగతి మీకు నేను చెప్పేదేముంది, మీ చేతికే తెలుస్తుంది. బియ్యప్పిండో మైదానో కాస్త కలిసినా ముద్ద సాగదు, ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి, వేయిస్తే పొంగదు. మొదటి లోడు ఎప్పుడూ బాగుంటుంది, అయిదో లోడు చూడాలి. అందుకని ఎప్పుడైనా కొనవలసి వస్తే ప్రతి లోడులోంచి ఒక సంచి తీసి, ముందుగా రెండు కిలోల ముద్ద కలిపి ఒత్తించి, ఎన్ని పగిలాయో రాసుకోండి. వందలో ఇంతకు మించి పగిలితే లోడు వెనక్కి పంపుతామని ఒప్పందంలోనే రాయించండి. కొనే పిండికి కనీసం పది రోజుల నిల్వ కూడా పెట్టుకోవాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ పలాస దగ్గర తాకినప్పుడు మనవైపు రోజులు ఎలా గడిచాయో మీకూ గుర్తుండే ఉంటుంది. అప్పుడు సొంత మరకూ కరెంటు ఉండదు నిజమే, కానీ కరెంటు వచ్చిన గంటకు అది తిరుగుతుంది. లారీ రాకకు రోడ్డు కూడా బాగుండాలి. ఆ పది రోజుల పిండి, అంటే వెయ్యి కిలోల పైన, లక్షన్నర దాకా డబ్బును పట్టి ఉంచుతుంది. వానల్లో అది చెమ్మ పట్టి గడ్డలు కట్టకుండా చూడటానికి మళ్లీ చోటు కావాలి.

మిల్లువాళ్లతో తెగతెంపులు మాత్రం చేసుకోకండి. ఏడాది ఒప్పందం వద్దు, మర రిపేరులో పడ్డప్పుడు 127కే పది పదిహేను సంచులు పంపగలరా అని అడగండి. మర ఆగి అప్పడాల పని మొత్తం నిలిచిపోయే రోజున ఆ ధర మీకు చౌకే. ఈ వారంలో చేయవలసినది మటుకు వేరే: రజ పండుగకు ముందే చుట్టుపక్కల షెడ్లు చూడండి, నాలుగు నెలలకు ఎంత అడుగుతారో కనుక్కోండి, డ్రయ్యర్ కోటేషను తెప్పించండి. ఆ రెండు అంకెలూ వచ్చాక నాకు మళ్లీ రాయండి, డ్రయ్యర్ ఖరీదు ఎన్ని వానాకాలాల్లో తిరిగి వస్తుందో కలిసి చూద్దాం.